ఎర్త్ వైరు షార్ట్ సర్క్యూట్ వేడిని తట్టుకుంటుందా? అడియాబాటిక్ లెక్క మొదటి నుంచి చివరి దాకా

"ఫేజ్ సైజులో సగం ఎర్త్ వేస్తే సరిపోతుంది కదా, మళ్లీ ఈ లెక్క ఎందుకు?" "ఫార్ములాలో వేసి చూస్తే 8 చ.మి.మీ. వచ్చింది, 10 వేసేయొచ్చా?" ఈ రెండు ప్రశ్నలూ తరచూ వస్తున్నాయి. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. సగం అన్న నియమం ఫేజ్ వైరు 35 చ.మి.మీ. దాటినప్పుడు, ఎర్త్ వైరు కూడా అదే లోహమైతేనే వర్తిస్తుంది. అల్యూమినియం ఫేజ్‌కి జీఐ ఎర్త్ వేస్తే ఆ సగం లెక్క చెల్లదు.

రెండో ప్రశ్న దగ్గరే అసలు కథ ఉంది. చాలామంది అతి ఎక్కువ ఫాల్ట్ కరెంటు ఒక్కదాన్నే ఫార్ములాలో వేసి ఆపేస్తారు. ఎర్త్ వైరు కాలేది చాలాసార్లు అతి తక్కువ ఫాల్ట్ కరెంటు దగ్గర. అందుకే ఈ మార్గదర్శిలో ఒకే ఫీడర్‌ని రెండు చివరల నుంచీ లెక్కిస్తాం.

## 1. సమీకరణం చెప్పేది ఏమిటి

```
S = √(I² × t) / k
```

`S` అంటే కావాల్సిన వైరు అడ్డుకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. `I` ఫాల్ట్ కరెంటు, ఆంప్స్‌లో. `t` బ్రేకరో ఫ్యూజో దాన్ని తెంచడానికి పట్టే సమయం, సెకన్లలో. `k` వైరు లోహాన్నీ, ఇన్సులేషన్‌నీ, మొదటి, చివరి ఉష్ణోగ్రతల్నీ కలిపి చెప్పే సంఖ్య.

ఫాల్ట్ జరిగిన కొద్ది క్షణాల్లో వైరులో పుట్టిన వేడికి బయటికి పోయే తీరిక ఉండదు, మొత్తం లోహంలోనే ఉండిపోతుంది. అడియాబాటిక్ అన్న మాటకు ఇక్కడ అర్థం ఇంతే. కాబట్టి ఈ లెక్క 5 సెకన్ల లోపు తెగే ఫాల్ట్‌లకే. అంతకు మించితే వేడి కొంత ఇన్సులేషన్‌లోకి, గాలిలోకి పోతుంది. అప్పుడు ఫార్ములా అవసరానికి మించిన సైజు చూపిస్తుంది.

కింది వైపు కూడా ఒక హద్దు ఉంది. 0.1 సెకను కంటే వేగంగా తెగితే కరెంటు తరంగం ఇంకా సమంగా ఉండదు, మొదటి ఎగుడు ఎక్కువగా ఉంటుంది. కరెంటును పరిమితం చేసే బ్రేకర్లలో అయితే ఆ ఎగుడే కోతపడుతుంది. అందుకని అక్కడ `I² × t` సొంతంగా కట్టకుండా, బ్రేకర్ కంపెనీ ఇచ్చే లెట్-త్రూ ఎనర్జీ గ్రాఫ్ నుంచి నేరుగా తీసుకుని, `k² × S²` దానికంటే ఎక్కువ ఉందో లేదో చూడాలి.

## 2. కాలిక్యులేటర్ తీసేముందు చేతిలో ఉండాల్సినవి

- ట్రాన్స్‌ఫార్మర్ నేమ్ ప్లేట్: కేవీఏ, సెకండరీ వోల్టేజి, శాతం ఇంపీడెన్స్
- ఫేజ్ కేబుల్ లోహం, సైజు, ఇన్సులేషన్, పొడవు (డ్రాయింగ్‌లోది కాదు, ట్రెంచ్ వెంట కొలిచింది)
- ఎర్త్ వైరు లోహం, ఇన్సులేషన్, ఎలా వేశారు: కేబుల్‌లోనే ఉందా, విడిగా ఉందా
- బ్రేకర్ టైమ్-కరెంట్ కర్వ్, మాగ్నెటిక్ సెట్టింగ్ ఇప్పుడు ఏ గీత మీద ఉంది
- ఎర్త్ వైరు నడిచే చోట వేసవి ఉష్ణోగ్రత
- ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ పిట్‌కీ, బాడీ ఎర్త్ పిట్‌లకీ మధ్య లోహపు లింక్ ఉందా లేదా

చివరిది చూడకుండా ముందుకు వెళ్లొద్దు. చాలా మిల్లుల్లో న్యూట్రల్ పిట్‌లు రెండు, బాడీ పిట్‌లు రెండు తవ్వి, వాటిని స్ట్రిప్‌తో కలపడం మాత్రం వదిలేస్తారు. అప్పుడు ఫాల్ట్ కరెంటు మట్టిలోంచి తిరిగి రావాలి. పిట్ ఒక్కొక్కటి 2 ఓమ్‌లు అనుకుంటే 240ని 4తో భాగించాలి, అంటే 60 ఆంప్స్. 125 ఆంప్స్ బ్రేకర్ దాన్ని మామూలు లోడ్ అనుకుంటుంది. అక్కడ అడియాబాటిక్ లెక్కతో పని లేదు, ఎర్త్ లీకేజ్ రిలే కావాలి.

డిస్కం ఎల్‌టీ సర్వీసు మీద నడిచే చోట కూడా, మీ పిట్‌కీ వాళ్ల న్యూట్రల్‌కీ మధ్య మట్టి మాత్రమే ఉంటే ఇదే పరిస్థితి. ఇక్కడి నుంచి చెప్పేదంతా సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, న్యూట్రల్, బాడీ ఎర్త్ లోహంతో కలిసి ఉన్న చోటికే.

## 3. మనం తీసుకునే కేసు

మిర్యాలగూడ వైపు కనిపించే తరహా రైస్ మిల్లు ఒకటి ఊహించుకోండి. 250 కేవీఏ, 11 కేవీ/433 వోల్ట్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 4.5 శాతం. దాని పక్కనే మెయిన్ ఎల్‌టీ ప్యానెల్. అక్కడి నుంచి పాలిషర్ సెక్షన్ సబ్ ప్యానెల్‌కి 60 మీటర్ల ఫీడర్.

ఫేజ్ కేబుల్ మూడున్నర కోర్ 50 చ.మి.మీ. అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ, ఆర్మర్డ్. రక్షణగా 125 ఆంప్స్ థర్మల్-మాగ్నెటిక్ ఎంసీసీబీ, మాగ్నెటిక్ సెట్టింగ్ 10 రెట్లు, అంటే 1,250 ఆంప్స్. ఎర్త్‌గా పీవీసీ ఇన్సులేషన్ ఉన్న పచ్చ రాగి వైరు విడిగా వేయాలని ఆలోచన. అది రేకుల కప్పు కింద ట్రేలో నడుస్తుంది. సైజు ఎంతో తేలాలి.

## 4. k ఎంచుకోవడం: పట్టికను గుడ్డిగా నమ్మొద్దు

ఐఈసీ 60364-5-54 పట్టికల్లో ఉన్న వాటిలో మనకు తరచూ పనికొచ్చేవి ఇవి:

- రాగి, పీవీసీ, కేబుల్‌లోనే ఒక కోర్‌గా ఉంటే: 115
- రాగి, పీవీసీ, విడిగా వేస్తే: 143
- అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ, కేబుల్‌లోనే ఉంటే: 94
- ఉక్కు, బేర్, పీవీసీ తొడుగున్న కేబుల్‌కి ఆనుకుని ఉంటే: 58
- ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ ఉక్కు ఆర్మర్: 46

115కీ 143కీ తేడా ఎందుకో గమనించండి. రెండూ రాగే, రెండూ పీవీసీయే. కేబుల్‌లో ఉన్న కోర్ పక్కన ఫేజ్‌లు లోడ్ మోస్తుంటాయి కాబట్టి అది 70 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. విడిగా ఉన్న వైరు 30 దగ్గర మొదలవుతుందని పట్టిక అనుకుంటుంది. రెండిటికీ చివరి హద్దు 160 డిగ్రీలే.

ఆ 30 దగ్గరే మన వాళ్లకు ఇబ్బంది. మే నెలలో నల్లగొండ జిల్లాలో రేకుల కింద మధ్యాహ్నం రెండు గంటలకు ట్రే మీద చెయ్యి పెట్టి చూస్తే 30 అన్న మాట ఎవరూ అనరు. అందుకని `k` ని మనమే కట్టుకుందాం. రాగికి:

```
k = 226 × √( ln( 1 + (θf − θi) / (234.5 + θi) ) )
```

`θi` మొదటి ఉష్ణోగ్రత, `θf` చివరిది. అల్యూమినియానికి 226, 234.5 బదులు 148, 228 వేయాలి. ఉక్కుకి 78, 202.

మొదటి ఉష్ణోగ్రత 50 అనుకుంటే ఎక్సెల్‌లో ఇలా:

```
=226*SQRT(LN(1+(160-50)/(234.5+50)))
```

జవాబు 129. పట్టికలోని 143 కంటే పదో వంతు తక్కువ. మన లెక్కంతా 129తోనే చేద్దాం.

ఎక్సెల్‌లో `LOG` వేస్తే పది ఆధారంగా తీసుకుని తప్పు జవాబిస్తుంది, `LN` వేయాలి. కట్టిన పద్ధతి సరైందో కాదో తెలియాలంటే ముందు 30, 160 వేసి చూడండి. 143 రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

## 5. దగ్గర చివర: అతి ఎక్కువ ఫాల్ట్ కరెంటు

ప్యానెల్ గ్లాండ్ దాటిన వెంటనే ఫేజ్ ఎర్త్‌కి తగిలిందనుకోండి. దారిలో అడ్డుపడేది దాదాపు ట్రాన్స్‌ఫార్మరే.

ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడ్ కరెంటు 333 ఆంప్స్. దాన్ని 0.045తో భాగిస్తే 7,400 ఆంప్స్. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్స్ దగ్గర ఫేజ్-ఎర్త్ ఫాల్ట్ కరెంటు మూడు ఫేజుల ఫాల్ట్‌కి దరిదాపుగానే ఉంటుంది కాబట్టి ఈ అంకె వాడుకోవచ్చు. హెచ్‌టీ లైన్ ఇంపీడెన్స్ వదిలేశాం. దాని వల్ల అంకె కొంచెం పెరుగుతుంది, ఈ చివర అది మనకు మంచిదే.

7,400 అంటే మాగ్నెటిక్ సెట్టింగ్‌కి దాదాపు ఆరు రెట్లు, కాబట్టి బ్రేకర్ వెంటనే తెగుతుంది. కంపెనీ గ్రాఫ్ చేతికి వచ్చే దాకా, ఒక సైకిల్ అంటే 0.02 సెకను పడుతుందని అంచనాగా తీసుకుందాం.

```
I²t = 7400² × 0.02 = 10,95,200
√ = 1046.5
S = 1046.5 / 129 = 8.1 చ.మి.మీ.
```

పై సైజు 10 చ.మి.మీ. "ఫార్ములాలో 8 వచ్చింది" అన్న పాఠకులు ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. ఇప్పుడు అదే 10 చ.మి.మీ. రాగిని పట్టుకుని అవతలి చివరకు వెళదాం.

## 6. దూరం చివర: అతి తక్కువ ఫాల్ట్ కరెంటు

ఇక్కడ ఊహలన్నీ తలకిందులు చెయ్యాలి. వోల్టేజి తక్కువగా, వైర్లు వేడిగా ఉన్నాయనుకోవాలి. అప్పుడే అతి తక్కువ కరెంటు వస్తుంది.

```
I = 0.95 × 240 / (Zt + R1 + R2)
```

`Zt` ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్: 0.045ని 433 వర్గంతో గుణించి, 2,50,000తో భాగిస్తే 0.034 ఓమ్.

`R1` ఫేజ్ కోర్. 50 చ.మి.మీ. అల్యూమినియం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 0.641 ఓమ్. 60 మీటర్లకు 0.0385. పూర్తి లోడ్ మీద 90 డిగ్రీలకు చేరితే 1.28 రెట్లయి, 0.049.

`R2` ఎర్త్ వైరు. 10 చ.మి.మీ. రాగి కిలోమీటరుకు 1.83 ఓమ్. 60 మీటర్లకు 0.110. 50 డిగ్రీల దగ్గర 0.123.

మొత్తం 0.206 ఓమ్. 228ని దానితో భాగిస్తే 1,107 ఆంప్స్.

ఇంపీడెన్స్‌లను ఇలా నేరుగా కూడడం కచ్చితంగా సరైంది కాదు, రియాక్టెన్స్‌ని విడిగా కూడాలి. కానీ నేరుగా కూడితే మొత్తం కాస్త ఎక్కువ వచ్చి, కరెంటు తక్కువ కనిపిస్తుంది. ఈ చివర మనకు కావాల్సిన వైపే ఆ తేడా ఉంది కాబట్టి వదిలేయొచ్చు.

ఇప్పుడు బ్రేకర్‌ని చూడండి. మాగ్నెటిక్ సెట్టింగ్ 1,250. దానికి ప్లస్ లేదా మైనస్ 20 శాతం తేడా ఉంటుంది, కాబట్టి కచ్చితంగా తెగుతుందని 1,500 ఆంప్స్ పైనే చెప్పగలం. మనకు వచ్చింది 1,107. మాగ్నెటిక్ భాగం కదలదు, పని థర్మల్ భాగం మీద పడుతుంది. అది తాపీగా వేడెక్కి కొన్ని సెకన్ల తర్వాత గానీ తెంచదు.

వైరు ఎంతసేపు ఓర్చుకోగలదు?

```
t = (k × S)² / I² = (129 × 10)² / 1107² = 1.36 సెకన్లు
```

బ్రేకర్‌కి కొన్ని సెకన్లు కావాలి, వైరుకి 1.36 సెకన్లే ఉంది. పీవీసీ 160 దాటిపోతుంది. అంటే 7,400 ఆంప్స్‌ని హాయిగా తట్టుకున్న వైరు, 1,107 ఆంప్స్‌కి కాలిపోతోంది. కరెంటు ఏడో వంతుకు తగ్గింది కానీ, సమయం వంద రెట్ల పైన పెరిగింది.

ఫ్యూజులతో ఇది ఇంకా ఎక్కువ. హెచ్‌ఆర్‌సీ ఫ్యూజ్ కర్వ్‌లో కరెంటు కొంచెం తగ్గితే సమయం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

## 7. సరిదిద్దడం: రెండు దారులు

మొదటి దారి: 16 చ.మి.మీ. రాగి, సెట్టింగ్ తగ్గింపు. `R2` 0.077 ఓమ్ అవుతుంది. మొత్తం 0.160, కరెంటు 1,425 ఆంప్స్. 10 రెట్ల సెట్టింగ్ మీద ఇదీ 1,500కి చేరదు. ఈ కరెంటు దగ్గర 16 చ.మి.మీ. ఓర్చుకునేది 2.1 సెకన్లు, అది కూడా నమ్మదగ్గ సమయం కాదు. అదే డయల్‌ని 8 రెట్లకు తిప్పితే సెట్టింగ్ 1,000, తేడాతో కలిపి 1,200. ఇప్పుడు 1,425కి వెంటనే తెగుతుంది. ముందు మీ మోడల్‌లో మాగ్నెటిక్ భాగం తిప్పేదో కాదో చూసుకోండి, చాలావాటిలో అది ఫిక్స్‌డ్. తగ్గించేముందు పెద్ద మోటారు స్టార్టింగ్ కరెంటుకి మిగతా లోడ్ కలిపి, 1,000లో 20 శాతం తీసేసిన 800 ఆంప్స్ దాటదని కూడా చూడాలి.

రెండో దారి: 25 చ.మి.మీ. రాగి, సెట్టింగ్ అలాగే. `R2` 0.049, మొత్తం 0.132, కరెంటు 1,727 ఆంప్స్. 10 రెట్ల మీదే కచ్చితంగా తెగుతుంది.

కాగితం మీద రెండూ పాసే. నన్నడిగితే రైస్ మిల్లులో రెండోదే వేయమంటాను. సీజన్‌లో ధాన్యం నిండుగా ఉండగా మోటారు స్టార్ట్ చేసినప్పుడు బ్రేకర్ రెండుసార్లు పడిందంటే, మిల్లు ఎలక్ట్రీషియన్ మొదట చేసే పని స్క్రూ డ్రైవర్‌తో డయల్ మొత్తం పైకి తిప్పేయడం. ఆ రోజు నుంచి 16 చ.మి.మీ. లెక్క చెల్లదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. 25 వేస్తే డయల్ ఎక్కడున్నా పర్లేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. 25 చ.మి.మీ. వైరుకి దూరం చివర వేడి పరంగా కావాల్సిన సైజు రెండు చ.మి.మీ. లోపే. అంటే ఈ సైజు నిర్ణయించింది వేడి కాదు, బ్రేకర్‌ని మేల్కొలిపేంత కరెంటు రావడం. పొడవైన ఫీడర్లలో ఇది మామూలే. అయినా వేడి లెక్క ద్వారానే ఆ విషయం బయటపడింది.

ఫేజ్ కోర్‌ని కూడా ఒక్కసారి చూసి వదిలేయండి. 94ని 50తో గుణించి వర్గం చేస్తే 2 కోట్ల 20 లక్షలు. దగ్గర చివర వచ్చింది 11 లక్షల లోపు. దానితో సమస్య లేదు.

## 8. అదే చోట 8 నంబరు జీఐ వైరు ఉంటే

పాత మిల్లుల్లో కేబుల్ వెంట కనిపించేది ఇదే కాబట్టి లెక్క చూద్దాం. 8 గేజి జీఐ వైరు వ్యాసం 4.06 మి.మీ., వైశాల్యం 13 చ.మి.మీ. లోపు.

ఉక్కు నిరోధం రాగి కంటే దాదాపు ఎనిమిది రెట్లు. 60 మీటర్ల ఒక్క వైరు 20 డిగ్రీల దగ్గర 0.64 ఓమ్, 50 దగ్గర 0.72. దూరం చివర మొత్తం 0.81, కరెంటు 282 ఆంప్స్. 125 ఆంప్స్ బ్రేకర్‌కి ఇది రెండుంపావు రెట్ల ఓవర్‌లోడ్, అంతే. తెగడానికి నిమిషం దాకా పట్టొచ్చు.

50 నుంచి 200 డిగ్రీలకు ఉక్కు `k` 53. ఆ కరెంటును ఈ వైరు ఓర్చుకునేది 6 సెకన్లు. తర్వాత దానికి ఆనుకున్న కేబుల్ తొడుగు కరగడం మొదలవుతుంది. ఫాల్ట్ అయిన చోట కాకుండా మధ్యలో, వైరు పొడవునా కేబుల్ తొడుగు మీద సన్నని గోధుమ రంగు చార కనిపిస్తే జరిగింది ఇదే. జీఐ మీద జింకు పూత మసకబారి బూడిద రంగుకి తిరిగి ఉంటుంది.

అంతకంటే భయపెట్టేది ఇంకొకటి. 282ని 0.72తో గుణిస్తే 200 వోల్ట్స్ పైనే. ఆ కొన్ని సెకన్లు, నిమిషం పాటు సబ్ ప్యానెల్ బాడీ మీద ఉండే వోల్టేజి అది. వైరు కాలకపోయినా మనిషి దక్కడు. పంపిణీ ఫీడర్‌లో ఇలాంటి ఫాల్ట్ 5 సెకన్ల లోపు తెగాలి. 63 ఆంప్స్ లోపు సాకెట్ సర్క్యూట్లలో 0.4 సెకను లోపు తెగాలి. వేడి లెక్క పాసైనంత మాత్రాన ఈ షరతు పాసైనట్టు కాదు.

"రెండు వైర్లు వేశాం కదా" అంటారు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది సీఈఏ నిబంధనే. కానీ ఒకటి తెగినా రెండోది పని చెయ్యాలన్నది దాని ఉద్దేశం. అందుకని ఒక్కో వైరుని ఒంటరిగానే లెక్కించాలి. సరే, రెండూ బాగున్నాయనే అనుకున్నా ఇక్కడ వచ్చే కరెంటు 512 ఆంప్స్. దానికీ మాగ్నెటిక్ భాగం కదలదు.

25×3 జీఐ స్ట్రిప్ అయితే? 75 చ.మి.మీ. కాబట్టి వేడి విషయంలో దానికి ఢోకా లేదు, 13 సెకన్ల దాకా ఓర్చుకుంటుంది. కానీ కరెంటు 1,100 దగ్గరే ఆగుతుంది, ఉక్కు సొంత రియాక్టెన్స్ వల్ల నిజానికి ఇంకొంచెం తక్కువ. డయల్‌ని 6 రెట్లకు తేవాలి, లేదంటే ఎర్త్ ఫాల్ట్ రిలే పెట్టాలి. స్ట్రిప్‌ని తీసేయక్కర్లేదు. దాని పక్కన 25 చ.మి.మీ. రాగి వైరు లాగితే రెండో ఎర్త్ కూడా దొరికినట్టు అవుతుంది.

## 9. తరచూ కనిపించే పొరపాట్లు, వాటి విరుగుడు

డిలే సంగతి మరిచిపోవడం. ఎలక్ట్రానిక్ ట్రిప్ ఉన్న బ్రేకర్ తెచ్చి, కింది బ్రేకర్ ముందు పడాలని 0.1 సెకను ఆలస్యం పెడతారు. మన కేసులో దగ్గర చివర 0.02 బదులు 0.1 వేసి చూడండి. కావాల్సిన సైజు 8.1 నుంచి 18.1 చ.మి.మీ.కి ఎగబాకుతుంది. 16 వేసి ఉంటే ఫెయిల్. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ చెయ్యాలి.

ఒకే కరెంటుతో రెండు చివరలూ చూడటం. దగ్గర చివరకు ఎక్కువ వోల్టేజి, చల్లని వైరు. దూరం చివరకు తక్కువ వోల్టేజి, వేడి వైరు. ఒక ఊహను రెండో చోటికి మోసుకెళ్లొద్దు.

ఎర్త్ సైజు మార్చి, కరెంటు మళ్లీ కట్టకపోవడం. `R2` మారితే `I` మారుతుంది, `I` మారితే `t` మారుతుంది. 10 నుంచి 16కి వెళ్లినప్పుడు పాత 1,107తోనే లెక్కిస్తే జవాబుకు అర్థం ఉండదు.

పట్టికలో వరస తప్పడం. బేర్ రాగికి మనుషులు తాకని చోట 228 అని ఉంటుంది, అంటే చివర 500 డిగ్రీలు. పచ్చ పీవీసీ వైరుకి ఆ అంకె వేస్తే సైజు దాదాపు సగానికి పడిపోతుంది, ఇన్సులేషన్ మాత్రం 160 దగ్గరే పోతుంది. బేర్ వైరైనా కేబుల్‌కి ఆనుకుని ఉంటే, హద్దు నిర్ణయించేది ఆ కేబుల్ తొడుగే.

ఆర్మర్‌ని నమ్ముకోవడం. ఆర్మర్‌ని ఎర్త్‌గా వాడొచ్చు, దాని వైశాల్యం కేబుల్ కంపెనీ డేటా షీట్ నుంచి తీసుకుని, `k` 46 వేసి చూడాలి. కానీ గ్లాండ్ దగ్గర ఎర్త్ ట్యాగ్ లేకుండా, పెయింట్ వేసిన రేకు మీద నట్టు బిగిస్తే ఆ వైశాల్యమంతా వృథా. ఫాల్ట్ కరెంటు పెయింట్ గీసుకుపోయిన రెండు మూడు చుక్కల్లోంచి పోవాల్సి వస్తుంది.

## 10. వైరు లాగాక సైట్‌లో చూడాల్సినవి

- ఎర్త్ వైరు నిజంగా ఆ సైజేనా: తొడుగు మీది ముద్ర చదవండి
- లగ్ సైజు వైరుకి సరిపోయిందా, క్రింపింగ్ టూల్‌తో నొక్కారా లేక సుత్తితో కొట్టారా
- లగ్ కింద పెయింట్ గీకారా, స్ప్రింగ్ వాషర్ ఉందా
- రాగి లగ్ నేరుగా జీఐ స్ట్రిప్ మీద కూర్చుందా: టిన్ పూత లగ్ వాడండి, లేకపోతే తేమకు ఆ జాయింట్ తినేస్తుంది
- బ్రేకర్ డయల్ లెక్కలో అనుకున్న గీత మీదే ఉందా: ఫోటో తీసి లెక్క కాగితానికి జత చేయండి
- న్యూట్రల్, బాడీ పిట్‌ల మధ్య లింక్ బోల్టులు బిగువుగా ఉన్నాయా

తర్వాత సబ్ ప్యానెల్ దగ్గర లూప్ టెస్టర్‌తో ఫేజ్-ఎర్త్ లూప్ ఇంపీడెన్స్ కొలవండి. 25 చ.మి.మీ. రాగితో, వైర్లు ఇంకా వేడెక్కక ముందు, మన లెక్క ప్రకారం 0.034, 0.0385, 0.0436 కలిపి 0.116 ఓమ్. నేరుగా కూడాం కాబట్టి మీటరు దీనికి కాస్త తక్కువే చూపించాలి. 0.20 చూపించిందంటే ఫాల్ట్ కరెంటు 1,200 దగ్గరికి పడిపోయినట్టే, లెక్క ఎంత బాగా చేసినా బ్రేకర్ వెంటనే తెగదు. అప్పుడు వైరు సైజు పెంచడం గురించి ఆలోచించొద్దు. సబ్ ప్యానెల్ లగ్ నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాయింట్ దాటుతూ వెనక్కి కొలుచుకుంటూ రండి. రీడింగ్ ఒక్కసారిగా తగ్గిన చోట, ఇప్పుడే దాటొచ్చిన ఆ జాయింటే విప్పి శుభ్రం చేయాల్సింది.